శుక్రవారం నొక్కితే ఆదివారం తెరుచుకుంది

మా పెద్దనాన్న రాజమండ్రిలో ఉంటారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఆమధ్య ఓ పెళ్ళికి హైదరాబాద్ రావాల్సి వచ్చి, రావడానికి శుక్రవారం రాత్రి బస్సుకీ, తిరిగి వెళ్ళడానికి ఆదివారం రాత్రి బస్సుకీ ఒకేసారి టికెట్లు తీసుకున్నారు. ఫోన్లో రెండు నోటిఫికేషన్లు ఒకదాని కింద ఒకటి వచ్చి కూర్చున్నాయి. శుక్రవారం రాత్రి బస్సు దగ్గర లిస్టు పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి చూపిద్దామని, కింద ఉన్న శుక్రవారం నోటిఫికేషన్ నొక్కారు. తెర మీదికి ఆదివారం టికెట్ వచ్చింది. "ఇది రిటర్న్ టికెట్ సార్" అన్నాడా కుర్రాడు.

లిస్టులో పేరుంది కాబట్టి బస్సయితే ఎక్కనిచ్చారు. సీట్లో కూర్చోగానే నాకు ఫోన్.

"ఒరేయ్, నేను శుక్రవారం నొక్కితే నీ యాప్ ఆదివారం అంటోందేమిట్రా?"

'నీ యాప్' అన్నది వెటకారం కాదు. ఆ టికెట్ల యాప్ తయారుచేసిన బృందంలో నేనూ ఒకణ్ణి. అందులోనూ నోటిఫికేషన్ల భాగం రాసింది నేనే.

"మళ్ళీ ఒకసారి నొక్కి చూడండి పెద్దనాన్నా" అన్నాను.

"నాలుగుసార్లు చూశాన్రా. నాలుగుసార్లూ ఆదివారమే. తప్పు కూడా పద్ధతిగా చేస్తోంది."

ఆ చివరి మాటతో నాకు సగం సంగతి అర్థమైపోయింది. సిగ్నల్ సరిగా లేక వచ్చే తప్పు ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది. ఎన్నిసార్లు నొక్కినా అదే తప్పు వస్తోందంటే, అది ఎవరో కూర్చుని రాసిన తప్పే.

నోటిఫికేషన్ నొక్కితే యాప్ మొదటి పేజీ కాకుండా, ఆ కబురుకి సంబంధించిన స్క్రీనే నేరుగా తెరుచుకోవడానికి వాడే చిరునామాని డీప్ లింక్ అంటారు. వినడానికి ఇంతే. కానీ ఆ చిరునామా సర్వర్ దగ్గర బయల్దేరి మన వేలి కిందికి వచ్చేలోగా రెండు మూడు చేతులు మారుతుంది. మారిన ప్రతి చోటా తారుమారయ్యే వీలుంది.

ముందు అసలు ఫోన్‌కి ఏం వస్తుందో చూద్దాం. యాపిల్ 2009లో ఐఫోన్లకీ, గూగుల్ 2010లో ఆండ్రాయిడ్‌కీ ఇలా బయటి నుంచి కబుర్లు తోసే వ్యవస్థలు పెట్టాయి. గూగుల్‌ది పేర్లు మారుతూ వచ్చి ఇప్పుడు ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ అయింది. బస్సు కంపెనీ సర్వర్ మన ఫోన్‌తో నేరుగా మాట్లాడదు. గూగుల్‌కి ఓ చిన్న పొట్లం ఇస్తుంది, గూగుల్ దాన్ని ఫోన్‌కి చేరుస్తుంది. ఆ పొట్లంలో ఉండేది ఇంచుమించు ఇది:

```
"data": {
  "title": "శుక్రవారం రాత్రి బస్సు ఖాయమైంది",
  "link": "busapp://ticket/4512"
}
```

పై వరుస మనిషి చదవడానికి, కింది వరుస యాప్ చదవడానికి. రెండూ ఒకే టికెట్ గురించి చెబుతున్నాయా లేదా అని చూసేవాళ్ళు దారిలో ఎవరూ లేరు. సర్వర్ రాసిన మనిషి పైన శుక్రవారం అని రాసి, కింద పొరపాటున వేరే నంబరు పెట్టినా గూగుల్‌కి పట్టదు. మోసుకొచ్చి ఇవ్వడం వరకే దాని పని.

టికెట్ మొత్తాన్నీ ఆ పొట్లంలోనే పంపేయొచ్చు కదా, నంబరు ఒక్కటే ఎందుకు అని మీకు అనిపించవచ్చు. మొదటి అడ్డు జాగా. పొట్లం మొత్తం 4 కిలోబైట్లు, అంటే 4096 బైట్లు దాటకూడదు. ఇందులో మన భాషకి ఓ చిన్న నష్టం కూడా ఉంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. తెలుగులో అక్షరానికి మూడు, దాని గుణింతం గుర్తుకి మరో మూడు. 'తెలుగు' అన్న మూడక్షరాల మాటకి 18 బైట్లు పడతాయి, అదే ఇంగ్లీషులో రాస్తే ఆరు. అయినా ఒక టికెట్ వివరాలకి 4 కిలోబైట్లు మరీ తక్కువేం కాదు. అసలు కారణం వేరు. పొట్లం వచ్చిన క్షణానికీ, మనం నొక్కే క్షణానికీ మధ్య రెండు రోజులు గడిచిపోవచ్చు. ఈలోగా సీటు మారుతుంది, బస్సు టైము మారుతుంది. పొట్లంలో వచ్చిన టికెట్ పాతబడుతుంది. నంబరు మాత్రం పాతబడదు. దాంతో వెళ్ళి సర్వర్‌ని అడిగితే ఈ నిమిషానికి ఏది నిజమో అది వస్తుంది.

మరి 4512 నొక్కితే 4587 ఎలా తెరుచుకుంది? నేను సర్వర్ చిట్టా తీసి చూశాను. రెండు పొట్లాలూ సరిగ్గానే వెళ్ళాయి. శుక్రవారం మాటతో 4512, ఆదివారం మాటతో 4587. తేడా ఫోన్ లోపలికి వచ్చాకే జరిగింది.

పొట్లం రాగానే ఆండ్రాయిడ్ మా యాప్‌ని కాస్త నిద్రలేపి చేతికిస్తుంది. యాప్ దాన్ని విప్పి, నోటిఫికేషన్ తయారుచేసి, ఫోన్ పైభాగంలో పెట్టమని సిస్టమ్‌కి అప్పగించి మళ్ళీ పడుకుంటుంది. రేపెప్పుడో మనం నొక్కేసరికి యాప్ నడుస్తూ ఉండాలని లేదు. అందుకని, నొక్కినప్పుడు ఏం చెయ్యాలో ముందే రాసి సిస్టమ్ దగ్గర దాచిపెట్టాలి. ఊరెళ్ళే మనిషి పక్కింటివాళ్ళకి తాళంచెవితో పాటు ఓ చీటీ ఇచ్చి, "మావాడొస్తే ఈ గది తలుపు తీయండి" అన్నట్టు. ఆండ్రాయిడ్‌లో ఆ చీటీ పేరు పెండింగ్ ఇంటెంట్. సిస్టమ్ దాన్ని యాప్ తరఫున, యాప్‌కున్న హక్కులతోనే అమలు చేస్తుంది.

నేను రాసిన చీటీ ఇలా ఉంది:

```
val i = Intent(this, TicketActivity::class.java)
i.putExtra("ticket", id)
val p = PendingIntent.getActivity(this, 0, i,
    PendingIntent.FLAG_UPDATE_CURRENT or
    PendingIntent.FLAG_IMMUTABLE)
```

కోడ్ చదవడం రానివాళ్ళు దీన్ని ఓ కవరు అనుకోండి. కవరు మీద 'టికెట్ స్క్రీన్' అని రాసి ఉంది. పక్కన వరుస సంఖ్య 0. టికెట్ నంబరు కవరు లోపల కాగితం మీద ఉంది. ఆండ్రాయిడ్ నియమం ఏమిటంటే, ఒక యాప్ కొత్త కవరు తెచ్చినప్పుడు అలాంటిది తన దగ్గర ముందే ఉందేమో చూసుకుంటుంది. చూసేది కవరు పైభాగం మాత్రమే. లోపలి కాగితాన్ని పోల్చదు. శుక్రవారం కవరు మీద 'టికెట్ స్క్రీన్, 0'. ఆదివారం కవరు మీదా 'టికెట్ స్క్రీన్, 0'. సిస్టమ్ లెక్కలో అవి రెండు కవర్లు కావు, ఒక్కటే. పైగా నేను `FLAG_UPDATE_CURRENT` అని రాశాను కాబట్టి, పాత కవరులోని కాగితం తీసేసి కొత్త కాగితం పెట్టేసింది. తెర మీద నోటిఫికేషన్లు రెండు, వాటి వెనక కవరు ఒకటి, అందులో కాగితం ఆదివారానిది. ఇక దేన్ని నొక్కినా ఆదివారమే.

ఆ ఒక్క మాట రాయకపోయి ఉంటే తప్పు తిరగబడేది. కొత్త కాగితాన్ని లోపలికి తీసుకోదు కాబట్టి, దేన్ని నొక్కినా శుక్రవారం టికెట్టే వచ్చేది. పెద్దనాన్న ఇబ్బంది లేకుండా బస్సెక్కేవారు, పెళ్ళి నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు దొరికిపోయేవాళ్ళం.

ఇంత తిక్క నియమం ఎందుకు పెట్టారని ఆ రాత్రి నేనూ విసుక్కున్నాను. దానికో అర్థముంది. ఇచ్చిన చీటీని యాప్ తర్వాత రద్దు చేసుకోవాలన్నా, మార్చుకోవాలన్నా ఏ చీటీ అన్నది గుర్తుపట్టే దారి ఒకటి కావాలి. పైన ఒకేలా ఉంటే ఒకే చీటీ అన్నదే ఆ దారి. ఈ సంగతి ఆండ్రాయిడ్ పత్రాల్లో స్పష్టంగానే రాసి ఉంది. నేను చదివాను కూడా. చదివినప్పుడు నా బల్ల మీదున్న ఫోన్‌లో టికెట్ ఒకటే ఉండేది. ఒక్క నోటిఫికేషన్‌తో ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు బయటపడదు. రెండు టికెట్లు, రెండూ తుడిచెయ్యకుండా ఉంచే మనిషి, పైన ఉన్నది కాకుండా కిందది నొక్కే అవసరం, ఈ మూడూ కలిసి రావాలి.

మందు ఒక్క వరుస. లోపలి కాగితం మీదున్న నంబరుని కవరు మీదికి తేవడమే.

```
i.data = Uri.parse("busapp://ticket/$id")
```

ఆండ్రాయిడ్ పోల్చే పైభాగంలో ఈ `data` కూడా ఒకటి. ఇప్పుడు ఒక కవరు మీద 4512, ఇంకో కవరు మీద 4587 ఉంటాయి కాబట్టి అవి ఎప్పటికీ కలిసిపోవు. వరుస సంఖ్య 0 చోట టికెట్‌కో సంఖ్య ఇచ్చినా సరిపోతుంది. నాకైతే చిరునామా కవరు మీదే ఉండటం నచ్చుతుంది. ఉత్తరాలకి మనం ఎప్పట్నుంచో చేస్తున్నది అదే కదా.

ఐఫోన్ వాడేవాళ్ళకి ఈ జబ్బు రాదు. అక్కడ కవర్ల గొడవ లేదు. వచ్చిన పొట్లమే నోటిఫికేషన్‌తో పాటు ఉండిపోతుంది, నొక్కగానే అదే పొట్లం యాప్ చేతికొస్తుంది. అక్కడి తిప్పలు వేరే. పూర్తిగా మూసి ఉన్న యాప్ ఆ నొక్కుడుతోనే లేస్తుంటే, పొట్లం అందుకునే మనిషిని యాప్ పూర్తిగా లేవకముందే గుమ్మంలో నిలబెట్టాలి. ఆలస్యంగా నిలబెడితే పొట్లం ఎవరికీ అందకుండా పోతుంది. యాప్ మామూలుగా మొదటి పేజీతో తెరుచుకుని అమాయకంగా చూస్తుంది.

ఆండ్రాయిడ్‌లోనూ మొదటి పేజీ తెరుచుకునే రోగం ఉంది, చాలామందికి ఎదురయ్యేది కూడా అదే. గూగుల్ ద్వారా పంపే పొట్లాలు రెండు రకాలు. ఒకటి పైన చెప్పినది, యాప్ స్వయంగా విప్పి నోటిఫికేషన్ చేసుకునేది. రెండోది చేసిపెట్టిన నోటిఫికేషన్. యాప్ కళ్ళ ముందు తెరిచి ఉంటే ఈ రెండో రకం కూడా యాప్ చేతికే వస్తుంది. యాప్ వెనక్కి వెళ్ళి ఉంటే మాత్రం యాప్ రాసుకున్న ఆ కోడ్ దాకా రాదు. నోటిఫికేషన్ దానంతటదే తెర మీదికి వెళ్ళిపోతుంది. నొక్కితే మామూలుగా యాప్ మొదటి పేజీ తెరుచుకుంటుంది, నంబరు ఆ పేజీకి ఓ మూల జేబులో వస్తుంది. జేబు తడిమి చూసుకోమని మొదటి పేజీకి ఎవరూ చెప్పకపోతే అది చూసుకోదు. అందుకే ఆఫీసులో యాప్ తెరిచి పెట్టుకుని పరీక్షించినవాళ్ళకి అంతా సవ్యంగా కనిపిస్తుంది. ఫోన్ జేబులో వేసుకుని తిరిగే జనానికి మాత్రం ఎప్పుడూ మొదటి పేజీయే.

యాప్ చేసేవాళ్ళు దీన్ని మూడు స్థితుల్లో చూడాలి. యాప్ ఎదురుగా తెరిచి ఉండగా ఒకసారి, వేరే యాప్‌లోకి వెళ్ళాక ఒకసారి, ఇటీవల వాడిన యాప్‌ల వరుసలోంచి పక్కకి తోసేశాక ఒకసారి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 'ఫోర్స్ స్టాప్' నొక్కి పరీక్షిస్తే లాభం లేదు. అలా ఆపిన యాప్‌కి మనం మళ్ళీ తెరిచేదాకా ఈ కబుర్లు రావడమే మానేస్తాయి. నోటిఫికేషన్‌తో పని లేకుండా చిరునామా ఒక్కటే పనిచేస్తోందో లేదో చూడాలంటే, ఆ చిరునామాని యాప్ తన పత్రంలో నమోదు చేసి ఉంటే చాలు. ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించి ఈ ఆజ్ఞ ఇవ్వొచ్చు:

```
adb shell am start -W -a android.intent.action.VIEW \
  -d "busapp://ticket/4512"
```

ఇక్కడ టికెట్ తెరుచుకుని నోటిఫికేషన్‌తో తెరుచుకోకపోతే, తప్పు కవరులోనో పొట్లంలోనో ఉన్నట్టు. ఇక్కడా తెరుచుకోకపోతే ముందు ఇంటి దారి సరిచేసుకోవాలి.

కవరు సంగతి సరిచేశాక నేను కాలర్ ఎగరేసే లోపల పెద్దనాన్న దగ్గర్నుంచి ఇంకో ఫిర్యాదు. రెండు నెలల తర్వాత ఇంకో బస్సు. నోటిఫికేషన్ నొక్కితే యాప్ లాగిన్ అడిగింది. ఓటీపీ కొట్టారు. లోపలికి వెళ్ళాక టికెట్ లేదు, "ఎక్కడికి ప్రయాణం?" అంటూ మొదటి పేజీ. మళ్ళీ నొక్కుదామంటే, ఒకసారి నొక్కిన నోటిఫికేషన్ తుడిచిపెట్టుకుపోయింది. మామూలుగా మా యాపే కాదు, చాలా యాప్‌లు అలాగే పెడతాయి.

గుళ్ళోకి వెళ్ళేటప్పుడు చెప్పులు బయట విడవమనడం న్యాయమే. చెప్పులతో పాటు చేతిలో కొబ్బరికాయ కూడా లాక్కుంటే ఎలా? లాగిన్ పేజీ చేసింది సరిగ్గా అదే. చాలాకాలం వాడకపోతే యాప్‌లు మనల్ని బయటికి పంపేస్తాయి, అది భద్రత కోసం. కానీ మనిషి వస్తూ ఓ చిరునామా పట్టుకొచ్చాడు. ఆ చిరునామాని ఓ పక్కన దాచి, ఓటీపీ సరిపోయాక తిరిగి చేతికిచ్చి పంపాలి. ఇందులోనూ ఓ మెలిక ఉంది. దాచిన చిరునామా ఒక్కసారి వాడాక పారెయ్యాలి. పారెయ్యకపోతే వచ్చే నెల మామూలుగా యాప్ తెరిచి లాగిన్ అయినా పాత టికెట్టే ముందుకొచ్చి నిలబడుతుంది. ఇదీ మేం ఒకసారి చేసిన ఘనకార్యమే.

అదే ఫోన్‌లో తండ్రి లాగౌట్ అయ్యి కొడుకు లాగిన్ అయితే? మన ఇళ్ళలో ఒక ఫోన్ ఇద్దరు వాడటం కొత్తేం కాదు. తండ్రి పేరు మీద వచ్చిన నోటిఫికేషన్ అక్కడే ఉంటుంది, కొడుకు నొక్కుతాడు. 4512 నంబరు సర్వర్ దగ్గరికి వెళుతుంది. ఆ టికెట్ ఇప్పుడు లాగిన్ అయి ఉన్న మనిషిదేనా అని సర్వర్ తప్పకుండా చూడాలి. నంబరు తెలిసినంత మాత్రాన తలుపు తీయకూడదు. చిరునామా ఎవరికైనా తెలియొచ్చు, తాళంచెవి వేరే. ఇలా చూడని యాప్‌లో 4512 బదులు 4513 కొట్టి పక్కవాడి టికెట్, పేరు, ఫోన్ నంబరు చదివేయొచ్చు.

దీని పక్కనే ఇంకో జాగ్రత్త. `busapp://` లాంటి చిరునామాని యాప్ బయటివాళ్ళకీ తెరిచి పెట్టి ఉంటే, దాన్ని మా నోటిఫికేషన్‌లోనే పెట్టాలని నియమం లేదు. ఎవరైనా ఓ వెబ్ పేజీలో లింకుగా పెట్టొచ్చు. కాబట్టి ఆ చిరునామాతో వచ్చినవాళ్ళకి స్క్రీన్ ఏదైనా చూపించవచ్చు గానీ, దానంతటది ఏ పనీ చెయ్యకూడదు. `busapp://ticket/4512/cancel` అని వస్తే రద్దు చేసే పేజీ చూపించి "నిజంగానే రద్దు చెయ్యమంటారా?" అని అడగాలి తప్ప, రాగానే రద్దు చేసెయ్యకూడదు. పైగా ఇలాంటి సొంత పేర్లకి పేటెంటేమీ లేదు, వేరే యాప్ కూడా నాదే `busapp` అని రాసుకోవచ్చు. అందుకే 2015లో అటు యాపిల్, ఇటు గూగుల్ మామూలు వెబ్ చిరునామాలనే యాప్‌కి ముడిపెట్టే పద్ధతి తెచ్చాయి. ఈ వెబ్‌సైట్ ఈ యాప్‌దే అని ఆ వెబ్‌సైట్లోనే ఓ చిన్న ఫైలు సాక్ష్యం చెబుతుంది. ఎస్సెమ్మెస్‌లోనో మెయిల్‌లోనో వచ్చే లింకులకి ఆ పద్ధతే క్షేమం. నోటిఫికేషన్‌లో మేం కవరు మీద మా యాప్ స్క్రీన్ పేరే నేరుగా రాస్తాం కాబట్టి వేరేవాళ్ళు అడ్డు తగలలేరు.

నొక్కగానే స్క్రీన్ రావడానికి కొన్ని యాప్‌లు ఒకప్పుడు క్షణం, రెండు క్షణాలు ఆలోచించేవి, గుర్తుందా? నొక్కుడు ముందు తెర వెనక ఓ గుమాస్తా దగ్గరికి వెళ్ళేది. "ఫలానా మనిషి ఫలానా టైముకి నొక్కాడు" అని రాసుకుని, అప్పుడు గుమాస్తా స్క్రీన్ తెరిచేవాడు. ఎంతమంది నొక్కారన్న లెక్కల మీద కంపెనీలకి అంత మోజు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, దానికోసం తయారైన యాప్‌లలో ఈ మధ్యవర్తిత్వం కుదరదు. నొక్కుడు నేరుగా స్క్రీన్‌కే వెళ్ళాలి, లెక్కలు రాసుకోవాలంటే ఆ తర్వాత రాసుకోవాలి. నాకు బాగా నచ్చిన మార్పుల్లో ఇదొకటి.

ఇక వెళ్ళిన చోట టికెట్ లేకపోతే? బస్సు రద్దయి ఉండొచ్చు, ప్రయాణం అయిపోయి ఉండొచ్చు. మా మొదటి యాప్‌లో అప్పుడు తెల్ల తెర మీద చక్రం తిరుగుతూ ఉండేది, తిరుగుతూనే ఉండేది. చెయ్యవలసింది చాలా మామూలు పని. "ఈ బస్సు రద్దయింది, డబ్బు వాపసు వివరాలు ఇక్కడ" అనో, "ఈ ప్రయాణం ముగిసింది" అనో చెప్పడం. కొత్తగా పెట్టిన స్క్రీన్‌కి చిరునామా పంపితే, యాప్ అప్‌డేట్ చేసుకోని ఫోన్లలో ఆ స్క్రీనే ఉండదు. అలాంటప్పుడు ఏమీ అర్థం కానట్టు ఉండిపోకుండా, కనీసం టికెట్ల జాబితా చూపించాలి. అన్నీ తెలిసినా ఈ పనులు ఎప్పుడూ చివరికి మిగులుతాయి, ఎందుకంటే యాప్ చూడటానికి వచ్చిన మేనేజర్ ముందు ఎవరూ రద్దయిన టికెట్ నొక్కి చూపించరు.

ఇప్పుడు పెద్దనాన్న ఫోన్‌లో శుక్రవారం నొక్కితే శుక్రవారం, ఆదివారం నొక్కితే ఆదివారం వస్తున్నాయి. లాగిన్ అయినా టికెట్ దగ్గరికే వెళుతున్నారు. పోయినవారం మళ్ళీ ఫోన్ చేశారు.

"టికెట్ బాగానే వచ్చిందిరా. చూసుకుని వెనక్కి బాణం నొక్కాను. నా టికెట్లన్నీ ఉండే పేజీకి వెళుతుందనుకుంటే, యాప్‌లోంచే బయటికి తోసేసింది. ఇదెక్కడి మర్యాద?"

నేరుగా టికెట్ పేజీలో దిగినప్పుడు దాని వెనక పేజీలేమీ ఉండవు. వెనక్కి వెళ్ళమంటే వెళ్ళడానికి చోటు లేక బయటికి వచ్చేస్తుంది. మొదటి పేజీ, దాని మీద టికెట్ల జాబితా, దాని మీద ఈ టికెట్ అని మనిషి నడిచి రాని దారిని కూడా మనమే వెనక పేర్చి పెట్టాలి. దానికి ఆండ్రాయిడ్‌లో `TaskStackBuilder` అని ఓ సాధనం ఉంది. ఇవన్నీ ఆయనకి చెప్పలేదు.

"వచ్చే అప్‌డేట్‌లో సరిచేస్తాను పెద్దనాన్నా" అన్నాను.

"ఎప్పుడు?"

"శుక్రవారానికి."

"నాకు ఆదివారం వస్తుందిలే" అని ఫోన్ పెట్టేశారు.